భాయ్ పావుగంట ఆగినాడంట!

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఉండేది కాదు. (వచ్చిన పనులు ఎన్ని అని ఇప్పుడు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళే ఎక్కువవుతాయి.) కృష్ణపట్నం దగ్గర ఒక కంపెనీలో చేరి ఏడాది కూడా కాలేదు. కంపెనీ పేజీలో పండగ శుభాకాంక్షలు పెట్టే పని నాకు అప్పగించారు. నాలుగు పండగలు గడిచేసరికి నన్ను నేను రచయితగానూ చిత్రకారుడిగానూ భావించుకుని తిరగడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే బస్సు భాయ్ రిటైర్‌మెంట్ వచ్చింది.

బస్సు భాయ్ అంటే నెల్లూరు నుంచి మమ్మల్ని పొద్దున కంపెనీకి తెచ్చి, సాయంత్రం మళ్ళీ దింపే స్టాఫ్ బస్సు డ్రైవరు. కంపెనీకి ప్రహరీ గోడ లేనప్పటి నుంచీ ఉన్నాడు. ఆయన బస్సు పొద్దున ఆరూ పదికి, సాయంత్రం ఐదూ నలభైకి కదిలేది. స్టాపు పక్కన టీ కొట్టు ఆవిడ ఆరు దాటితే మా కంపెనీ వాళ్ళకు టీ పోసేది కాదు. "తాగేలోపల ఆయన పోతాడు, మీరు నన్ను తిడతారు" అనేది. మా విభాగం మేడం నన్ను పిలిచి, "భాయ్ కోసం పేజీలో ఒక కెరొసెల్ పెట్టు. వేలితో జరుపుకుంటూ చూసేటట్టు పది కార్డులు. ఏడుగురి జ్ఞాపకాలు తీసుకో. ప్రతి ఒక్కరికీ తమ కార్డు చూపించి, సరే అన్నాకే పెట్టు" అంది. చివరి మాట నేను విన్నాను. విన్నానని తల కూడా ఊపాను.

పని బాగానే మొదలైంది. మొదటి కార్డు మీద ఆయన ఫోటో, పేరు. తర్వాత ఏడు కార్డుల్లో ఒక్కొక్కరిది ఒక్క జ్ఞాపకం, పాతిక మాటలు దాటకుండా, కింద చెప్పినవాళ్ళ ఫోటో, పేరు, విభాగం. తొమ్మిదోది కంపెనీ తరఫున కృతజ్ఞతలు, పదోది వీడ్కోలు. మొదటి బొమ్మ ఏ ఆకారంలో ఉంటే మిగతావన్నీ ఆ ఆకారానికే కత్తిరింపు అవుతాయని తెలియక తొలి ప్రయత్నంలో క్రేన్ ఆపరేటరుకు తల లేకుండా చేశాను. ఒత్తులు విడిపోయి "కృతజ్ఞతలు" ఏ భాషో తెలియకుండా పోతే అక్షరాల రకం మార్చాను. ఇవన్నీ ఓపికగా దిద్దుకున్నాను. దిద్దుకోనిది ఒక్కటే. జ్ఞాపకాల కోసం గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. ముగ్గురు రాశారు, మిగతావాళ్ళు బొటనవేలు బొమ్మ పంపారు. లేచి వెళ్ళి అడగడానికి నాకు బద్ధకం. మేడం తొందర పెడుతోంది. కాబట్టి మిగతా నలుగురి పేర్లతో నేనే రాశాను. స్టోర్స్ సారు పేరు కింద, "ఒకరోజు నేను ఆలస్యమైతే భాయ్ నాకోసం పావుగంట బస్సు ఆపాడు. ఎంత మంచి మనసు!" అని రాసి, చదువుకుని, నా కళ్ళు నేనే తుడుచుకున్నాను. ఎవరికీ చూపించలేదు. భాయ్ ఆఖరి రోజు పొద్దున పదింటికి పెట్టేశాను.

మధ్యాహ్నం భోజనాలప్పుడు భాయ్ ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగలేదు గానీ ముఖం నలిగి ఉంది.

"అబ్బయా, ఇది ఎవురు రాసినారు?"

"స్టోర్స్ సారు, భాయ్."

"ఆయన్ని అడిగే వస్తా ఉండా. నాకు తెలవదు అన్నాడు."

నేను ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఒకనాడు క్యాంటీన్ అక్క కుచ్చెళ్ళు పట్టుకోని పరిగెత్తతా ఉంటే అద్దంలో చూస్తానే పోయినా. ఇప్పుడు ఆ యమ్మ ఏమనుకుంటాది? సారు పెద్దాయన గనక ఆగినాడు, నేను వంట మనిషిని గనక పోయినాడు అనుకోదా? ఇన్నేళ్ళు ఒక్కరి కోసం ఆపలేదబ్బయా. రాత్రంతా నిలబడి పనిచేసినోళ్ళు లోపల ఉంటారు. మనం పోతేనే వాళ్ళు ఇంటికి పోయేది. ఆ పావుగంట వాళ్ళది. నాది కాదు, ఒకరికి ఇచ్చేదానికి."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. వెనక బల్ల నుంచి క్యాంటీన్ అక్క మాత్రం పెంచింది. "ఏం భాయ్, సారుకైతే పావుగంటా? మాకు అర నిమిషం లేదే!"

"అక్కా, అది అబద్ధం. నేను రాశాను" అన్నాను. నా జీవితంలో అంతమంది ముందు నిజం చెప్పడం అదే మొదలు. "అదొక్కటే కాదు, నాలుగు కార్డులు నేనే రాశాను."

మేడం తిట్టలేదు. "సాయంత్రం ఐదింటికి వీడ్కోలు సభ. అప్పటికి సరిచెయ్" అంది. పెట్టేసిన కెరొసెల్‌లో పైన రాసిన వాక్యం మార్చుకోవచ్చు, ఒక కార్డు తీసేయవచ్చు గానీ, దాని చోట కొత్త కార్డు పెట్టడం కుదరలేదు. మొత్తం తీసేశాను. పొద్దుటినుంచి వచ్చిన లైకులూ, భాయ్ కూతురు రాసిన నాలుగు వరుసలూ దాంతోపాటే పోయాయి. ఆమెకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత ఒక నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాను.

స్టోర్స్ సారు ముందు పది నిమిషాలు నా వంశాన్ని పలకరించాడు. తర్వాత నవ్వాడు. "నాకోసం ఆగడమా! నేను చెయ్యి ఊపతా ఉంటే ఆయన కూడా చెయ్యి ఊపి పోయినాడు. టాటా చెప్తా ఉండానేమో అనుకున్నాడంట! లారీ ఎక్కి వస్తే గేటు కాడ నాకోసం టీ పెట్టించినాడు. 'రేపు అయిదు నిమిషాలు ముందు రాండి సార్' అన్నాడు. అంతే." క్యాంటీన్ అక్క ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. "పిలకాయికి జరమొచ్చి లేటయితే వదిలేసి పోయినాడు. తిట్టుకున్నా. సాయంత్రం ఇంటికొచ్చి పిలకాయికి ఎట్టుండాదని అడిగినాడు. ఇంకేం తిట్టేది?" ఎవరిని కదిపినా తనను వదిలేసి పోయిన రోజే చెబుతున్నారు, అదీ గొప్పగా! చివరికి రాత్రి షిఫ్టు ఆపరేటరును ఫోన్ చేసి నిద్ర లేపాను. "నన్ను డ్యూటీ దించేదానికి భాయ్ బస్సులో వచ్చేవాళ్ళు ఒక్క రోజు ఆలస్యం కాలేదన్నా. అందుకే మా పాప బడికి పొయ్యేటప్పుడు రోజూ నేను ఇంట్లో ఉండినా" అన్నాడు. ఆ మాటను అలాగే రాసుకున్నాను.

ఈసారి మొదటి కార్డు మీద ముఖం కాదు, రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ళకు కనిపించే బస్సు వెనక భాగం పెట్టాను. వదిలేసి పోయిన జ్ఞాపకాలు ముందు, ఆపరేటరు మాట చివర. ప్రతి కార్డూ చెప్పినవాళ్ళకు చూపించాను. పైన, "పొద్దున పెట్టినదాంట్లో నేను కల్పించిన మాటలున్నాయి, తప్పు నాది" అని రాశాను. భాయ్ ఒక్కొక్కటే జరుపుకుంటూ చదివాడు. ఆపరేటరు కార్డు దగ్గర వేలు ఆగిపోయింది. "ఆ పాప ఇప్పుడు ఎన్నో క్లాసబ్బయా?" అని మాత్రం అడిగాడు. నాకు తెలియదు. అడగలేదు. మళ్ళీ ఫోన్ చేసి, ఆపరేటరును రెండోసారి నిద్ర లేపాను. "ఇంజనీరింగు రెండో సంవత్సరం" అన్నాడని చెబితే భాయ్ తల తిప్పుకుని కిటికీలోంచి చాలాసేపు బస్సు వైపు చూశాడు. "ఇంక పెట్టు" అన్నాడు.

సభలో మేనేజరు గారు శాలువా కప్పి, భాయ్ సమయపాలన గురించి ఉపన్యాసం ఎత్తుకున్నారు. ఉపన్యాసం బాగుంది గానీ ఆగడం లేదు. ఐదూ ముప్పై ఐదుకు భాయ్ శాలువాతోనే లేచి నిలబడి, "సార్, టైమయింది. మిగతాది బస్సులో చెప్పండి" అన్నాడు. హాలంతా ఆయన వెనకే లేచింది. మేనేజరు గారు మైకు కింద పెట్టి పరుగెత్తి, ఫుట్‌బోర్డు అందుకున్నారు.

ఇప్పటికీ ఎవరు రిటైరైనా ఆ పని నాదే. నోటుబుక్కుతో మనిషి మనిషి దగ్గరికీ తిరుగుతాను, కార్డులు ఆలస్యం చేసి తిట్లు తింటాను. అప్పటి ఆ కుర్రాడు ఎదురైతే కూర్చోబెట్టి, ఒక మనిషిని పొగడాలంటే ముందు పదిమందిని అడగాలి నాయనా అని చెప్పాలనిపిస్తుంది. వినడు లెండి. నేను చెబుతున్నంతసేపూ తల ఊపుతూ, అక్షరాలకు రంగులు మారుస్తూ కూర్చుంటాడు.