మెస్ అక్క బయోడేటా

దేశ రాజధానిలో, బేర్ సరాయ్‌లోని పద్మనాభం గారి ఆంధ్రా మెస్‌లో కావేరికి పేర్లు చాలానే ఉండేవి. సివిల్స్‌కి చదివే పిల్లలకు మెస్ అక్క, కూరగాయల బండి వాడికి దీదీ, పద్మనాభం గారికి తమ్ముడి భార్య కాబట్టి మరదలు. హోదా మాత్రం లేదు. ఇంటి వ్యాపారంలో ఆడది చేసే పని మన దేశంలో పని కిందికి రాదు, ‘సాయం’ కిందికే వస్తుంది. అలా తొమ్మిదేళ్లు సాయం చేసింది.

ఇంటి యజమాని కట్టడం పడగొడతాననడంతో మెస్ మూతపడింది. మయూర్ విహార్‌లో ఒక మహిళా హాస్టల్‌కి కిచెన్ సూపర్‌వైజర్ కావాలని తెలిసింది. ఆ ఉద్యోగం కావేరికి కావాలి. ఇంకెవరి వంటింట్లోనో మళ్లీ ‘సాయం’ చేయడం ఆమెకి ఇష్టం లేదు.

మెస్‌లో తిని పెరిగిన సాయిప్రకాష్ ఉత్సాహంగా బయోడేటా రాసి తెచ్చాడు. అందులో ఆమె ‘డైరెక్టర్, ఆపరేషన్స్’.

“తమ్ముడూ, వాళ్లు బావగారికి ఫోన్ చేస్తే? డైరెక్టరెవరండీ, మా మరదలే కదా అంటారు. ఉన్న పని కూడా అబద్ధమైపోతుంది.”

అప్పుడు ఇద్దరూ కూర్చుని పొద్దున్నుంచి రాత్రి దాకా ఆమె చేసిందంతా చెప్పుకుంటూ వచ్చారు. రోజూ డెబ్బై మందికి రెండు పూటలు. వారం మెనూ ఆమెదే. సరుకు ఎంత కావాలో చూసి తెప్పించడం, ముగ్గురు వంటవాళ్లకి డ్యూటీలు వేయడం, ఫుడ్ లైసెన్స్ రెన్యువల్‌కి కాగితాలు సిద్ధం చేయడం. పప్పు పలచనైందని అలిగిన వాళ్లని బుజ్జగించడాన్ని సాయిప్రకాష్ ‘ఫిర్యాదుల పరిష్కారం’ అని రాస్తే కావేరి నవ్వాపుకోలేకపోయింది. హోదా దగ్గర ‘కిచెన్, స్టోర్స్ సూపర్‌వైజర్, కుటుంబ మెస్’ అని పెట్టారు. పక్కన తొమ్మిదేళ్లు.

ఆ కాగితం పట్టుకుని ఆమె బావగారి దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, “సూపర్‌వైజరేంటమ్మా, అన్నీ చూసుకునేది నేనే కదా,” అన్నారు.

“మీ మోకాలి ఆపరేషనప్పుడు నెలన్నర మెస్ ఒక్క పూటైనా ఆగిందా బావగారూ?”

ఆయన కాగితం మళ్లీ మొదటి నుంచి చదివారు. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, కాగితం అడుగున ‘కొత్త వంటవాళ్లకు శిక్షణ’ అని తనే చేర్చారు. మన వంటవాడు దశరథ్‌కి సాంబారు నేర్పింది నువ్వే, మర్చిపోయావు అన్నారు.

ఆ బయోడేటా ఇచ్చిన రెండో రోజే హాస్టల్ వార్డెన్ ఆయనకి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టి మరీ మాట్లాడారు. “హాఁ జీ, సూపర్‌వైజర్ ఆవిడే. నేను ఓనర్‌ని, అంతే.”

సోమవారం కావేరి మెడలో హాస్టల్ కార్డు వేసుకుని మెట్రో ఎక్కింది. ఆ సాయంత్రం పద్మనాభం గారు సాయిప్రకాష్‌ని పిలిచి కుర్చీ వేశారు.

“బాబూ, నాకూ ఒకటి రాసిపెట్టు. కానీ ముందు మా మరదల్ని అడిగి రా, నేనేం చేసేవాణ్నో.”