ఇరవై మూడా, పంతొమ్మిదా

మా కబడ్డీ కమిటీ కూర్చునేది రాజాంలో ఒక ఎరువుల కొట్టు వెనక గదిలో. కొట్టు షావుకారు కమిటీ సభ్యుడు కాబట్టి గది ఉచితం. గాలి మాత్రం ఉండదు. కిటికీకి అడ్డంగా బస్తాలు పేర్చేశారు. ఎరువు ఘాటుకి కళ్లు మండుతాయి. ఆ రోజు తలుపు పక్క కుర్చీలో మా అల్లుడు కూర్చున్నాడు. బయటికి పోవాలంటే ఎవరైనా అతని మోకాళ్లు దాటుకుని పోవాల్సిందే.

మేం ఐదుగురం. ఒకప్పుడు బాగా ఆడానని నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. షావుకారు ఒకడు. మా అల్లుడు తన ఊరి జట్టుకి మేనేజరు. ఉప్పు మళ్లలో పని చేసుకుంటూ నౌపడ జట్టు నడిపే కెప్టెన్ ఒకడు. ఐదోవాడు డ్రిల్లు మేస్టారు, ఆ రోజు ప్రతిపాదన ఆయనదే.

రెండు పేజీలు రాసి తెచ్చాడు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, రాత్రి బడిలో. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. నేను చదివేదాకా అందరూ ఆగారు. మా అల్లుడు బండి తాళం తిప్పుతూ కూర్చున్నాడు. నన్ను తీసుకొచ్చింది అతని బండే.

కాగితంలో ఉన్నది ఇదీ. పది జట్లు వస్తాయి. ఇన్నాళ్లూ ఐదేసి జట్లకి ఒక గ్రూపు చేశాం. గ్రూపులో ప్రతి జట్టూ మిగతా నాలుగింటితో ఆడాలి. అలా ఒక్కో గ్రూపులో పది ఆటలు, రెండింటికీ ఇరవై. పైన గ్రూపుకి మొదటి ఇద్దరితో రెండు సెమీస్, ఒక ఫైనల్. మొత్తం ఇరవై మూడు. కాలేజీ వాళ్లు గ్రౌండు ఇచ్చేది శని, ఆదివారాలే. వెలుతురు ఉండగా రోజుకి పది ఆటలకి మించి నడవవు. పోయినేడు ఆఖరి ఆటలు చీకట్లో, బండ్ల లైట్లు వేసి ఆడించాం.

"గ్రూపులు తీసెయ్యండి. డబుల్ ఎలిమినేషన్ పెట్టండి. ఒకసారి ఓడినోడు రెండో వరసలోకి ఎల్తాడు. అక్కడ ఇంకోసారి ఓడితే ఇంటికి" అన్నాడు మేస్టారు.

"మరి ఆటలెన్ని?" అని షావుకారు అడిగాడు.

"ఓటములు లెక్కెట్టండి, సరిపోద్ది. ఆటకి ఒకడే ఓడతాడు. కప్పు కొట్టినోణ్ణి తీసేస్తే తొమ్మిది జట్లు. ఒక్కోటీ రెండేసి సార్లు ఓడాల. పద్దెనిమిది. కప్పు కొట్టినోడు కూడా మధ్యలో ఒకసారి ఓడుంటే ఇంకొకటి. పంతొమ్మిది దాటదు."

"ఓడినోడు మళ్లీ ఫైనల్‌కి రావడమేటి మేస్టారూ" అన్నాడు మా అల్లుడు. "అత్తోరింట్లో అలిగి ఎల్లిపోయినోడు పంక్తిలో మళ్లీ కూకున్నట్టు."

"వస్తే రానీ. అప్పటిదాకా ఓడనోణ్ణి అతను రెండుసార్లు ఓడించాల. అతనికి ఒక ఓటమి ఎలాగూ ఉన్నాది కదా."

షావుకారుకి నచ్చలేదు. గ్రూపులైతే ప్రతి ఊరికీ నాలుగు ఆటలు ఖాయం, దీంట్లో రెండు ఓడితే శనివారం మధ్యాహ్నానికే సర్దుకుని పోవాలి, జనం ఊరుకోరు అన్నాడు. మేస్టారు కాదనలేదు. అది దీంట్లో ఉన్న నష్టమేనని ఒప్పుకున్నాడు.

మేస్టారు కాగితంలో రాయని సంగతి ఒకటుంది. అది గదిలో అందరికీ తెలుసు.

పోయినేడు మా గ్రూపులో నౌపడ ఆటలన్నీ అయిపోయాయి. వాళ్లకి ఐదు పాయింట్లు. మిగిలింది ఒకే ఆట, మా ఊరికీ మా అల్లుడి ఊరికీ. ఇద్దరికీ ఐదేసి పాయింట్లే. గెలిస్తే రెండు, టై అయితే చెరొకటి. ఎవరు ఓడినా ఐదు దగ్గరే ఆగిపోతారు, స్కోరు తేడాలో నౌపడే మెరుగు, కాబట్టి రెండో స్థానం వాళ్లది. టై అయితే మా రెండు ఊళ్లకీ ఆరేసి. నౌపడ ఇంటికి.

మా రెండు ఊళ్లూ వియ్యపు ఊళ్లు. ఇంటికొక పిల్లని ఇచ్చామో తెచ్చుకున్నామో. స్కోరు సమానం అయ్యాక కూతకెళ్లిన ప్రతివాడూ గీత తొక్కి, ఎవర్నీ తాకకుండా, చేతులూపుకుంటూ వెనక్కి వచ్చేశాడు. "నెమ్మదిరా బావా, పడతావు" అని నవ్వులు. ఎవరూ ముందుగా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాల్సిన పని లేదు. బావని ఇంటికి పంపడం మావాళ్లకి చేతకాదు, అంతే. గీత బయట ఈ కెప్టెన్ తువ్వాలు నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు.

డబుల్ ఎలిమినేషన్‌లో టై ఉండదు. సమానమైతే చెరి ఐదు కూతలు, తేలేదాకా ఆడాలి.

చేతులెత్తమన్నారు. మేస్టారు, కెప్టెన్ ఒక పక్క. షావుకారు, మా అల్లుడు ఒక పక్క. ఇక నేను.

మేస్టారు మంచివాడు. నాకు దారి వదిలిపెట్టాడు. ఇరవై మూడు రెండు రోజుల్లో పట్టవు, పంతొమ్మిది పడతాయి. ఆ ఒక్క మాట అని చెయ్యి ఎత్తితే సరిపోతుంది. ఎవరి ఊరి పేరూ రాదు, నా కూతురు కాపురం చేసే ఇంట్లో నా మీద మాట పడదు.

"గ్రౌండు రెండు రోజులే గనక..." అని మొదలుపెట్టాను.

"గ్రౌండు కోసం గాదు పెద్దాయనా" అన్నాడు కెప్టెన్. గొంతు పెంచలేదు. "లెక్క కోసమైతే నాకు అక్కర్లేదు. గ్రూపులే ఉంచండి, మేం రాం. నాకు ఒకటే సెప్పు. ఆ పూట మీవోళ్లు ఆట ఆడినారా, నేదా?"

"అదేటి, ఇప్పుడెందుకు?" అన్నాడు మా అల్లుడు. తర్వాత నా వైపు తిరిగి, "మావా, చెయ్యెత్తితే ఎత్తు, నేకపోతే నేదు. ఆ మాట మాత్రం నీ నోట రానీకు. ఇంట్లో నాను తలెత్తుకోలేను."

లేచి పోదామంటే తలుపుకి అతని మోకాళ్లు అడ్డం. షావుకారు ఫ్యాను వైపు చూస్తున్నాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అబద్ధం చెబుదామనే అనుకున్నాను. నోట్లోకి రాలేదు.

"ఆడనేదు. నాను సూస్తానే ఉన్నాను. మావోళ్లూ ఆడనేదు, అల్లుడోళ్లూ ఆడనేదు" అని చెయ్యి ఎత్తాను.

మా అల్లుడు కుర్చీ వెనక్కి తోశాడు. "కూతుర్నిచ్చిన ఊరిని బజార్లో పెట్టినావు. బస్సులో రా మావా" అని బండి తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు ఖాళీ అయింది గానీ నేను లేవలేదు. తీర్మానం కింద నా సంతకం కావాలి. ఎప్పుడూ నెమ్మదే, ఆ రోజు మరీ నెమ్మదైంది.

బస్టాండులో ఉండగా మా అమ్మాయి ఫోను చేసింది.

"నానా, బస్సెక్కినావా?"

"ఇంకా నేదు. అల్లుడొచ్చీసినాడా?"

"వొచ్చీసినాడు. అందరూ అరుగు మీదే ఉన్నారు." గొంతు తగ్గించింది. "నువ్వు అన్నది అబద్దం కాదని నాకు తెలుసు నానా. ఇటు మాత్రం కొన్నాళ్లు రాకు. నేను సెప్పినప్పుడు రా."

సరే అన్నాను.

అప్పట్నించీ ఆ పిలుపు రాలేదు. ఈ ఏటి పోటీకి నౌపడ వాళ్లు పేరు పంపారు. మా ఊరి కుర్రాళ్లు నాతో ముభావంగా ఉంటూనే తమ జట్టు పేరూ ఇచ్చారు. మా అల్లుడి ఊరిది మాత్రం అందలేదు. నిన్న మేస్టారు మా ఇంటికి వచ్చి, ఆటల పట్టిక గీయాలి తాతా అన్నాడు. ఆ ఊరు రాకపోతే తొమ్మిది జట్లు, పదహారో పదిహేడో ఆటలు. వస్తే పద్దెనిమిదో పంతొమ్మిదో. ఎవరు ఎవరితో ఆడాలో చీట్లు తియ్యాల్సింది నేను.

"తొమ్మిదికి గీసీమంటారా?"

"పదికి గియ్యి" అన్నాను.

"రాకపోతే?"

"గియ్యి మేస్టారూ."

అతను గీశాడు. పదో చీటీ మీద ఆ ఊరి పేరు నేనే రాశాను.