మూడో బెంచీ మాట

మా పై వాటాలో ఉండే సువర్చల చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే ‘బిట్లు రాస్తుంది’ అని చెబుతాను. మా బ్రాడీపేటలో ఆ మాటకు వేరే అర్థం చెప్పనక్కర్లేదు. కోచింగ్ సెంటర్లో సార్లు పాఠం చెబుతారు. ఆ పాఠాన్ని ఫోన్లో రికార్డు చేసి ఈమెకు పంపుతారు. ఈమె విని, ప్రశ్న, నాలుగు జవాబులు, ఏది ఎందుకు సరైనదో తెలుగులో వివరణ రాసి ఇస్తుంది. డాక్టరు సీటు కోసం చదివే తెలుగు మీడియం పిల్లలకు అవే దిక్కు.

నాకు అయిదో తరగతితో చదువు ఆగింది గానీ చెవులు ఆగలేదు. ఎండబెట్టిన మిరపకాయలు తిరగేసే వంకతో డాబా మీదికెక్కి, ఆమె వింటున్న పాఠాలన్నీ నేనూ విన్నాను. జీవకణం సంగతి అలాగే తెలిసింది. సువర్చల ఎమ్మెస్సీ చదివింది. వివరణ రాసేటప్పుడు ‘ఇది సరైనది కాబట్టి ఇదే జవాబు’ అని చేతులు దులుపుకునే రకం కాదు. మిగతా మూడూ ఎందుకు కావో కూడా రాస్తుంది. తప్పు జవాబులు రాయడానికే ఎక్కువ సేపు పడుతుందనేది.

“అదేంటే, తప్పు రాయడానికి కష్టమేముంది? నన్నడుగు, గంపెడు చెబుతా” అన్నాను ఒకసారి.

“గాలికి రాస్తే లాభం లేదు పిన్నిగారూ. పిల్లలు నిజంగా ఎక్కడ పొరబడతారో ఆ పొరపాటే జవాబులా కనబడాలి. అప్పుడే ఎవడికి అర్థమైందో, ఎవడికి కాలేదో తేలేది.”

ఆ రోజు శేషగిరి సార్ పాఠం మోగుతోంది. ఆయనకు పెద్ద పేరు. జోకులు వేస్తాడనీ, ఆయన క్లాసులో నిద్ర రాదనీ పిల్లలు ఎగబడతారు. కణం చుట్టూ ఉండే ప్లాస్మా పొర గురించి చెబుతూ ఆయన ఇలా అన్నాడు:

“ఇది ఎవర్లాంటిదిరా? మన మూడో బెంచీ మల్లేశ్వరి లాంటిది. నవ్విన ప్రతివాడికీ తలుపు తీస్తది!”

ఆ వెనక మగపిల్లల నవ్వు, బల్లల మీద దరువు. నా చేతిలో మిరపకాయ నలిగిపోయింది. మల్లేశ్వరి మా సందు చివరి పిల్ల. తండ్రి మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. ఎవరు ఎదురైనా నవ్వుతూ పలకరిస్తుంది, అదీ దాని నేరం. ఆ ఫోన్లోంచే కంపు వచ్చినట్టు అనిపించింది నాకు. వీడికా మనం పిల్లల్ని అప్పగించేది?

సువర్చల ఫోను ఆపేసింది.

మర్నాడు సెంటర్ డైరెక్టరు చక్రధర్ ఆమెకు ఫోను చేశాడు. అడగకుండానే నేను పక్కన చేరాను.

“మేడమ్, వివరణలో సార్ డైలాగ్ అలాగే దించండి. రివిజన్ పుస్తకం అమ్ముడుపోయేదే ఆ జోకుల మీద. పేరొద్దంటే ‘మూడో బెంచీ అమ్మాయి’ అని రాయండి.”

“మూడో బెంచీ ఎవరిదో క్లాసంతా ఎరుగుదురు సార్. నేను రాయను.”

“మీరు రాయకపోతే రాసేవాళ్లు లేరా మేడమ్? ముందు టెస్టు పేపరు పంపండి. వివరణ సంగతి టెస్టయ్యాక చూద్దాం.”

సాయంత్రం మల్లేశ్వరి మా గుమ్మంలోకి వచ్చింది. రెండు రోజులుగా క్లాసుకు పోవడం లేదట. తల్లి బద్ధకమనుకుని తిడుతోందట.

“పుస్తకంలో కూడా వేస్తారంట కదా అమ్మమ్మా? క్లాసులో నవ్వింది చాలక ఊరంతా చదువుతారు. అది గానీ వచ్చిందా, నేనింక చదువే మానేస్తా.” అంత నవ్వే పిల్ల, మాట్లాడేంతసేపూ పెదవులు బిగబట్టుకునే ఉంది.

సువర్చల ఆ మాట వింటూనే లేచింది. పైకెళ్లి ప్లాస్మా పొర మీద ఒక ప్రశ్న రాసింది. సరైన వాక్యం ఏది అని అడిగి, ఏ పదార్థాన్నీ దాటనివ్వదు అని ఒకటి, అన్ని పదార్థాలనూ ఒకేలా దాటనిస్తుంది అని రెండు, కొన్నిటిని దాటనిచ్చి కొన్నిటిని ఆపుతుంది అని మూడు, నీటిని తప్ప దేన్నీ దాటనివ్వదు అని నాలుగు పెట్టింది. మూడోదే సరైనది. రెండోది శేషగిరి జోకులోంచి తీసింది. అక్షరం అశ్లీలం లేకుండా, అందులో మిగిలే అర్థం మాత్రం.

టెస్టయిన మర్నాడు చక్రధర్ రమ్మన్నాడు. నేనూ వెంట వెళ్లాను. ఏసీ గదిలో శేషగిరి సమోసా తింటూ నూనె వేళ్లు కుర్చీ గుడ్డకే తుడుస్తున్నాడు.

“ఏంటి మేడమ్ ఇది? ఎనిమిదో క్లాసు పిల్లాడికి కూడా వచ్చే ప్రశ్న. సగం మంది పైన తప్పు పెట్టారు. వాళ్లంతా రెండో జవాబే దిద్దారు” అన్నాడు చక్రధర్.

“ప్రశ్నలోనే ఏదో తిరకాసు ఉంటుందిలెండి. మేడమ్‌కి నా మీద కోపం” అన్నాడు శేషగిరి.

“తప్పు పెట్టిన వాళ్లలో ఒకర్ని పిలిచి అడగండి” అంది సువర్చల.

బయట నిలబడ్డ ఒకణ్ని పిలిచారు. వాడు బిక్కమొహం వేశాడు. “సారే చెప్పారు కద సార్, నవ్విన ప్రతివాడికీ తలుపు తీస్తదని. అంటే అందర్నీ రానిస్తదనేగా?”

సువర్చల మెల్లగా చెప్పింది: “ఆక్సిజన్ లాంటి చిన్నవి ఆ పొరలోని కొవ్వు గుండా నేరుగా దాటతాయి సార్. గ్లూకోజ్ అలా పోలేదు, దాన్ని దాటించే ప్రోటీను వేరే ఉండాలి. సోడియంకి దాని దారి దానిది. ఆ ఎంపికే అసలు పాఠం. జోకు గుర్తుండి పాఠం పోయింది.”

“జోకుకి కూడా రూల్సేంటండీ” అని శేషగిరి నవ్వబోయాడు. చక్రధర్ నవ్వలేదు.

“ఇదే ప్రశ్న అసలు పరీక్షలో వస్తే? మన ర్యాంకులేం కావాలి? ఆ లైను తీసేయండి మేడమ్. మీ వివరణే వేయండి. సార్, మీరు వేరే జోకు చూసుకోండి.”

“దానికేముంది, ఇంకోటి చెబుతా” అన్నాడాయన, రెండో సమోసా అందుకుంటూ.

నేను ఆగలేకపోయాను. “ఆ పిల్ల సంగతి ఏంటయ్యా? ఇంట్లోవాళ్లు పొట్ట మాడ్చుకుని మీ దగ్గరికి పంపుతున్నారే!”

“ఏ పిల్లండీ?” అన్నాడు చక్రధర్, నిజంగానే గుర్తుకు రాక.

మార్కులు పోయాయని తీశారు తప్ప తప్పు మాటని కాదు. మెట్లు దిగుతూ గోడ పక్కన ఉమ్మేశాను. నాకు ఆ అలవాటు లేదు.

మల్లేశ్వరి మళ్లీ ఆ క్లాసుకు వెళ్లలేదు. మధ్యాహ్నాలు సువర్చల దగ్గరే చదువుతోంది. పుస్తకం అచ్చయి వచ్చిన రోజు నేనే చేతికిచ్చాను. ఆ పేజీ తీసి, వేలు పెట్టి వరస వెంట వరస వెతికింది. పొర గురించి ఒక్క ముక్క చదవలేదు. వేలు పేజీ అడుక్కి వచ్చాక మళ్లీ పైకి పోయి, ఇంకోసారి మొదటినుంచీ వెతికింది.

“లేదే తల్లీ” అన్నాను.

“చూస్తున్నా అమ్మమ్మా” అంది, తలెత్తకుండా.