ఏడు నెలలు గుమాస్తా, మూడు నెలలు ఆఫీసర్

మా బ్యాంకువాళ్లు నన్ను ఆఫీసర్‌ని చేసేసరికి నా రిటైర్మెంటుకు సరిగ్గా మూడు నెలలు మిగిలాయి.

చార్మినార్ దగ్గరి బ్రాంచిలో ముప్పై అయిదేళ్లు గుమాస్తాగా పనిచేశాను. గాజుల దుకాణాలవాళ్లు తెచ్చే నలిగిన నోట్లు లెక్కపెట్టీ పెట్టీ నా వేలిముద్రలే అరిగిపోయాయి. ప్రమోషన్ ఇంటర్వ్యూ ఏడాది కిందటే పాసయ్యాను. కానీ సంతకం చేయవలసిన పెద్దాయన బదిలీ అయ్యాడు. కొత్తాయన వచ్చి ఫైలు మొదటినుంచీ చదువుతానన్నాడు. చదువుతూనే ఉన్నాడు. చివరికి ఆర్డరు వచ్చింది. పోస్టింగు జహీరాబాద్ అవతల.

మాదన్నపేటలో మా ఇంట్లో ఆ సాయంత్రం పండగే. మావారూ మరిదీ కలిసి పాల వ్యాపారం చేస్తారు. మరిది మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు.

"ఇగ నీకేం ఫికర్ వదినా! ఆఖరి జీతంల సగం పింఛను. ఆఫీసర్ జీతమంటే మస్తు వస్తది. బర్ల కొట్టానికి స్లాబ్ ఏపిద్దాం. లోన్ కోసం మాట్లాడొచ్చిన, కిస్తీ నీ పింఛన్‌ల కెళ్లి కడదాం."

నా పింఛను ఇంకా పుట్టనేలేదు, అప్పుడే బర్రెలకు ఇల్లు కట్టేసింది.

నాకూ ఆశ లేకపోలేదు. అయినా అనుమానం తీరక, మా బ్యాంకులోనే పింఛన్ల సెక్షన్లో పనిచేసి రిటైరైన ఒకాయనకు ఫోన్ చేశాను. అన్నా అని పిలుస్తాను ఆయన్ని.

"ఆఖరి జీతం కాదు చెల్లె," అన్నాడాయన. "మన బ్యాంకుల ఆఖరి పది నెలల జీతం సగటు తీస్తరు. గా సగటుల సగం పింఛను. నీ పదిల ఏడు నెలలు గుమాస్తా జీతం, మూడు నెలలే ఆఫీసర్ జీతం."

"అయితే ఎంత పెరుగుతదన్నా?"

"జీతం పదివేలు పెరిగిందనుకో. మూడు నెలలకు ముప్పై వేలు. పదితోని భాగిస్తే మూడు వేలు. అండ్ల సగం పదిహేను వందలు. ఆర్డరు ఏడు నెలల ముందొస్తే అయిదు వేలు పెరుగుతుండె. దీనిమీద కరువు భత్యం వేరే అనుకో."

"మరి పోవాల్నా, వద్దా?"

"పో. మిగిలిన సెలవులకు పైసలు ఆఖరి జీతం మీదనే లెక్కగడతరు. గది నీకు లాభం."

ఈ లెక్క చెప్పి, స్లాబు కుదరదనగానే మరిది ముఖం వాడిపోయింది. "గీ మూడు నెలల ఆఫీసర్ గిరీ ఎందుకు మరి?" అని గొణిగి, రెండు మిఠాయిలు నోట్లో వేసుకుని డబ్బా మూత పెట్టేశాడు. మావారు మాత్రం నవ్వి, "పో, బర్లకు రేకులు చాలు," అన్నారు.

వెళ్లేముందు రీజనల్ ఆఫీసుకు అర్జీ పెట్టాను. ఆలస్యం మీది కాబట్టి, ఏడాది కిందటి తేదీ నుంచి ప్రమోషన్ లెక్కవేయండి అని. జవాబు ఈసారి తొందరగానే వచ్చింది. సీనియారిటీ ఏడాది కిందటి నుంచి ఇస్తారట, జీతం మాత్రం చేరిన రోజు నుంచేనట. సగటు తీసేది చేతికొచ్చిన జీతానికే కాబట్టి పింఛనులో ఒక్క రూపాయీ కదలదు. మూడు నెలల్లో ఇంటికి పోయే మనిషికి సీనియారిటీ! దాన్ని నేను బర్రెలకు మేపాలా?

జహీరాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. కొత్త బ్రాంచిలో నాకొక తిరిగే కుర్చీ ఇచ్చారు. అది ఒకవైపే తిరిగేది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి గోడవైపు ఉండేదాన్ని. పని మాత్రం ఇష్టంగానే చేశాను. లోన్ల కాగితాల మీద నా సంతకం చూసుకున్న మొదటిరోజు, నిజం చెప్పాలంటే, ఛాతీ కొంచెం ఉబ్బింది. ముప్పై అయిదేళ్లు ఇతరుల సంతకం కోసం నిలబడ్డ మనిషిని మరి.

వీడ్కోలు సభకు రీజనల్ మేనేజర్ స్వయంగా వచ్చాడు. శాలువా కప్పి మైకు అందుకున్నాడు. "మేడమ్ జీవితాంతం ఆఫీసర్ పింఛను అందుకుంటారు. మా ఆఫీసు ఎప్పుడూ ఉద్యోగి వెంటే ఉంటుంది," అన్నాడు.

నా వంతు వచ్చింది. "సార్ చెప్పింది నిజం. నా వెంటే ఉన్నరు. కాకపోతే ఏడు నెలలు వెనక ఉన్నరు," అన్నాను.

హాలంతా ఘొల్లుమంది. రీజనల్ మేనేజర్ ఫోన్ చూసుకుంటున్నాడు. అందరూ నవ్వడం చూసి తనూ తలెత్తి చప్పట్లు కొట్టాడు, అందరికన్నా గట్టిగా.

మరుసటి నెల నుంచి పింఛను వస్తోంది. అన్న చెప్పినదానికి అటూ ఇటూగా అంతే పెరిగింది. సెలవుల డబ్బుతో మావారి పాల ఆటోకు కొత్త ఇంజన్ వేయించాం. మరిది బంధువులకు నన్ను "మా ఆఫీసర్ వదిన" అనే పరిచయం చేస్తున్నాడు. అందులో సగటు తీయమని నేనూ అడగడం లేదు.