కింది అంతస్తులో నిశ్శబ్దమైన గది

ఒక ముసలావిడ నిద్ర కోసం మా రాజగోపాల్ అంకుల్ ఆర్కాన్సా రాష్ట్రం మొత్తాన్నీ నోరు మూయించాడు. ఆ రాత్రి గూడ్సు బండి పట్టాల మీద మునివేళ్లతో నడిచింది. బెంటన్‌విల్ కుక్కలన్నీ మొరగబోయే ముందు హోటల్‌కి ఫోన్ చేసి పర్మిషన్ అడిగాయి. ఉరమడానికి వచ్చిన మబ్బు మా పార్కింగ్ లాట్ చూసి ఒక్లహోమా వైపు తిరిగిపోయింది. నమ్మకపోతే మీ ఖర్మ. ఆ హోటల్ ఫ్రంట్ డెస్క్ మనిషిని నేనే. నన్ను పోగొట్టుకుని ఫేయట్‌విల్ యూనివర్సిటీ ఇంకా తేరుకోలేదు కానీ, ఆ నష్టం మా హోటల్‌కి లాభమైంది.

రాజగోపాల్‌ది తెనాలి. కంప్యూటర్ కాంట్రాక్టు మీద ఈ ఊరొచ్చాడు. కాంట్రాక్టు పోయింది, ఆయన మిగిలాడు. మూడంతస్తులు, ఒకే ఒక్క లిఫ్టు ఉన్న మా హోటల్‌కి మేనేజరయ్యాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంటుంది. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి, తర్వాత రికమండేషన్ కావాలి. ఇంట్లో ఆయనా, ఆయన అత్తగారు అనంతలక్ష్మి గారూ ఇద్దరే ఉంటారు. మధ్యలో ఉండాల్సిన మనిషి విజయశ్రీ ఆంటీ. ఆవిడ పోయి చాలా కాలమైంది.

జూన్‌లో ఇక్కడి పెద్ద కంపెనీ వాటాదారుల సమావేశం జరిగినప్పుడు ఊళ్లో హోటళ్లన్నీ నిండిపోతాయి. సరిగ్గా ఆ వారమే, బుకింగ్ సైట్‌లో పోర్చుగీస్‌లో ఒక మెసేజ్ వచ్చింది. బ్రెజిల్‌లో గొయానియా అనే ఊరి నుంచి లూసియా అనే ఆమె రాసింది. అనువాదం బటన్ నొక్కి నేనే గట్టిగా చదివాను.

"నమస్కారం. శుక్రవారం రాత్రికి మీ దగ్గర గది తీసుకున్నాం. మా అమ్మకి ఎనభై దాటాయి. కర్ర పట్టుకుని నడుస్తుంది, మెట్లు ఎక్కలేదు. కింది అంతస్తులో నిశ్శబ్దమైన గది ఇవ్వగలరా? శనివారం ఉదయం మా తమ్ముడి అంత్యక్రియలు. కబురు తెలిసినప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. ఒక్క రాత్రి నిద్రపోతే, మర్నాడు వాడి దగ్గర నిలబడగలుగుతుంది."

తమ్ముడు స్ప్రింగ్‌డేల్‌లో టైల్స్ వేసే పనివాడు. హైవే మీద కారు ప్రమాదంలో పోయాడు. తోటి పనివాళ్లతో కలిసి అద్దెకున్న గది మేడ మీద. అందుకే తల్లికి హోటల్.

"అయ్యో, అంతేగా అంకుల్! క్వైట్ అని ఉంది కదా, మూడో అంతస్తు చివరి రూమ్ వేసేస్తున్నా," అన్నాను. హోటల్ శాస్త్రం ప్రకారం అదే సరైనది. నిశ్శబ్దం అడిగినవాళ్లని పైకి పంపాలి, నెత్తిమీద నడిచేవాడు ఉండడు. కింద ఉండేవన్నీ చప్పుళ్లే. లాబీ, బ్రేక్‌ఫాస్ట్, లాండ్రీ, కుక్కలు తెచ్చుకునేవాళ్లకి ఇచ్చే గదులు. కింద కావాలి, నిశ్శబ్దంగా కావాలి అంటే సముద్రం కావాలి, ఉప్పు వద్దు అన్నట్టే.

"కింద అని రాసిందిరా," అన్నాడు రాజగోపాల్.

"లిఫ్టు ఉందిగా అంకుల్."

ఆయన నా వంక చూశాడు. కోప్పడలేదు. కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. "లిఫ్టుని నమ్మి మాటివ్వకూడదు," అన్నాడు.

ఎందుకలా అన్నాడో నాకు తర్వాత అనంతలక్ష్మి గారు చెప్పారు. విజయశ్రీ ఆంటీ లిటిల్ రాక్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు వీళ్లిద్దరూ ఎదురుగా ఉన్న హోటల్లో దిగారు. పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు, కింద గది ఇవ్వమని అడిగారు. వీలును బట్టి చూస్తామన్నారు, మూడో అంతస్తు ఇచ్చారు. ఒకనాడు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది, వెంటనే రమ్మని. ఆ పొద్దున లిఫ్టు ఆగిపోయి ఉంది. అల్లుడు చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని దిగారు ఆవిడ. "నన్నొదిలేసి మీరు పరిగెత్తండి బాబూ అన్నాను నాయనా. వదల్లేదు. మేం వెళ్లేసరికి దుప్పటి కప్పేశారు," అన్నారు. అంతే చెప్పి పప్పు గిన్నె నా ముందుకు జరిపారు.

రాజగోపాల్ జవాబు ఇంగ్లిష్‌లో రాశాడు, చిన్న చిన్న వాక్యాలు. దాన్ని పోర్చుగీస్‌లోకి మార్చాడు. ఆ పోర్చుగీస్‌ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పి, తను రాసిందే తిరిగొచ్చిందా అని సరిచూశాడు. "గది 118. కింది అంతస్తు. పక్క తలుపు దగ్గర కారు ఆపుకోవచ్చు, అక్కడి నుంచి గది దాకా ఒక్క మెట్టు కూడా లేదు. లిఫ్టుకి దూరం. అమ్మగారికి చక్రాల కుర్చీ కావాలా? స్నానానికి తొట్టి అంచు దాటగలరా?" ఇలాంటి జవాబు చివర మేం మామూలుగా వీలును బట్టి అనే వాక్యం తగిలిస్తాం, రేపు ఎవరూ గొడవ పెట్టుకోకుండా. ఆయన దాన్ని తీసేశాడు.

కుర్చీ వద్దు, పట్టుకోవడానికి కడ్డీ ఉంటే చాలని లూసియా రాసింది. 118లో కడ్డీ ఉంది. అయితే చక్రాల కుర్చీవాళ్ల కోసం ఉన్న గది ఇంకెవరికైనా అక్కరకొస్తుందిలే, ఉంచుదాం అన్నాడు రాజగోపాల్.

ఆ తర్వాత మొదలైంది యుద్ధం. 118 పక్కన బుక్ అయిన కుక్కలవాళ్లని కారిడార్ ఆ చివరికి మార్చాడు. పక్క తలుపు ధడేల్మని పడుతుందని, తలుపు పైనున్న డబ్బాలో స్క్రూ తిప్పి అది పెళ్లికూతురిలా నెమ్మదిగా మూసుకునేలా చేశాడు. శనివారం పొద్దున్నే వచ్చే గడ్డి కోసేవాళ్లకి ఫోన్ చేసి మధ్యాహ్నం రమ్మన్నాడు. కారిడార్ మలుపులో ఉన్న ఐస్ మెషిన్ ప్లగ్ పీకి, ఐస్ కావాలంటే రెండో అంతస్తు అని కాగితం అంటించాడు.

ఇక మిగిలింది నెత్తిమీద గది, 218. ఎవరో కాన్సిల్ చేసుకోగా ఖాళీ అయింది. "బూట్లేసుకునేవాణ్ణి పెట్టకూడదు," అన్నాడు. చివరికి సొంత అత్తగారినే తెచ్చి అందులో దించాడు.

"నన్నెందుకు బాబూ ఇక్కడికి?" అన్నారు అనంతలక్ష్మి గారు, చేతిలో బట్టల సంచీతో.

"మీరు చెప్పుల్లేకుండా నడుస్తారు అత్తయ్యగారూ."

"అమెరికాలో నాకు దొరికిన ఉద్యోగం ఇదా!" అని నవ్వి వెళ్లి పడుకున్నారావిడ.

శుక్రవారం సాయంత్రం వాళ్లొచ్చారు. తల్లి పేరు డోనా జెరాల్దా, అంటే జెరాల్దా గారు. పిడికెడు మనిషి. గోడకున్న కడ్డీని, మంచాన్ని, కిటికీని తడిమి చూసి, రాజగోపాల్ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఏదో అంది. లూసియా ఫోన్ దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పింది. "చాలా నిశ్శబ్దంగా ఉంది, దేవుడు నీకు మేలు చేస్తాడు." మా అంకుల్ ఇంటికెళ్లలేదు. ఆఫీసు గదిలో కుర్చీలోనే ఉండిపోయాడు.

శనివారం తెల్లవారుజామున నేను డ్యూటీకి వచ్చేసరికి, రాజగోపాల్ కారిడార్‌లో నిలబడి గోడకి చెవి ఆనించి ఉన్నాడు. గోడలో పైపు హోరుమంటోంది. పైన 218లో అత్తగారి తలస్నానం! రోజూ పొద్దు పొడవక ముందే ఆవిడ స్నానం చేసి దీపం పెడతారు. ఒకే ఇంట్లో ఇన్నేళ్లుగా వినీ వినీ, అది చప్పుడని ఆయనకి తోచడం మానేసింది.

"చంపేశాను రా," అన్నాడు. "పెద్దావిణ్ణి లేపేశాను."

లేపింది ఆయన కాదు. డోనా జెరాల్దా అప్పటికే నల్ల గౌను వేసుకుని బ్రేక్‌ఫాస్ట్ గదిలో, లైట్లు వెయ్యని చీకట్లో, కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన లూసియా. రాజగోపాల్ వెళ్లి క్షమాపణ చెప్పాడు, పైపు చప్పుడుకి.

లూసియా తల అడ్డంగా ఊపి ఫోన్‌లోకి చాలాసేపు మాట్లాడింది. ఫోన్ దాన్ని ఏ ఏడుపూ లేని గొంతుతో చెప్పింది.

"చప్పుడు వల్ల కాదు. అమ్మ అసలు పడుకోలేదు. మా ఇల్లు బస్సులు తిరిగే వీధిలో. తమ్ముడు గేటు తీసిన చప్పుడు విన్నాకే అమ్మకి నిద్ర వచ్చేది. వాడు ఈ దేశం వచ్చాక కూడా బస్సుల చప్పుడు వింటూ, ఇంకా వస్తాడులే అనుకుంటూ పడుకునేది. ఇక్కడ ఏమీ వినబడలేదు. ఇక ఎవరూ రారని తెలిసిపోయింది అంటోంది."



రాజగోపాల్ కారిడార్ మలుపులోకి వెళ్లి ఐస్ మెషిన్ ప్లగ్ మళ్లీ పెట్టాడు. అది దగ్గి, గొణిగి, గడగడమంటూ మంచుముక్కలు రాల్చింది. టీవీలో వాతావరణం వార్తలు పెట్టాడు. కాఫీ మొదలెట్టమని నాకు సైగ చేశాడు. అంతలో తడి జుట్టు ముడేసుకుని అనంతలక్ష్మి గారు దిగొచ్చారు, లిఫ్టులో కాదు, రెయిలింగ్ పట్టుకుని మెట్ల మీద. విషయం నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆవిడ నేరుగా వెళ్లి డోనా జెరాల్దా పక్కన కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు.

"మా అమ్మాయి కూడా ఈ దేశంలోనే పోయిందమ్మా," అన్నారు తెలుగులోనే.

ఆవిడ పోర్చుగీస్‌లో ఏదో అంది. ఫోన్ బల్ల మీదే ఉంది, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

సమావేశానికి వచ్చిన జనం దిగడం మొదలెట్టారు. కుర్చీలు గీరుకున్నాయి, వాఫిల్ అట్ల మెషిన్లు కుయ్యిమన్నాయి, పిల్లలు కార్న్‌ఫ్లేక్స్ ఒలకబోశారు. ఆ సంతలో డోనా జెరాల్దా తల మెల్లగా వాలి అనంతలక్ష్మి గారి భుజం మీద ఆగింది. ఎవరో పెద్దమనిషి జాలిపడి టీవీ తగ్గించబోతే రాజగోపాల్ అడ్డం వెళ్లాడు.

"ప్లీజ్ సార్. అలాగే ఉండనివ్వండి."

భుజం తిమ్మిరెక్కినా అనంతలక్ష్మి గారు కదల్లేదు. కారొచ్చాక లూసియా తల్లి చెంప నిమిరి లేపింది. కళ్లు తెరిచిన ఆ క్షణం పెద్దావిడ తలుపు వైపు చూసింది, ఎవరో వచ్చారన్నట్టు. తర్వాత గుర్తొచ్చింది. ఆ ముఖం గురించి కోతలు కోసే శక్తి నాకు లేదు.

పక్క తలుపు దాకా రాజగోపాల్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. మెట్టు లేని దారిలో కూడా మెట్టు మెట్టుకీ ఆగుతున్నట్టే నడిచాడు. వాళ్లు వెళ్లాక ఆ తలుపు పెళ్లికూతురిలా నెమ్మదిగా మూసుకుంది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, మళ్లీ లోపల పెట్టేసుకున్నాడు.

మొన్న ఆదివారం వాళ్లింట్లో అనంతలక్ష్మి గారి చేతి పులిహోర తింటూ, ఈ కథ మొదటి ముక్క ఆయనకి చదివి వినిపించాను. గూడ్సు బండీ, కుక్కలూ, మబ్బూ అన్నీ. ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు.

"నేను ఐస్ మెషిన్ ప్లగ్ తీశాను, అంతే. ఆవిడ ఆ రూమ్‌లో నిద్రపోలేదు."