గాజులోనూ లేని బిగువు

ప్రిస్కిల్లాకు లారీలంటే ఒళ్లు మంట. సున్నపు లారీ డ్రైవర్ని కట్టుకున్న మనిషికి ఆ మంట కాస్త విడ్డూరమే గానీ, కారణం లేకపోలేదు. ఆమె పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీ పిడుగురాళ్ల హైవే పక్కనే ఉంది. ఆ కాలేజీ కింది అంతస్తులో, మూలగదిలో, ఆమె ఆరేళ్లుగా నమ్ముకున్న యంత్రం ఉంది. గేటు అవతల లారీల వరస పగలనక రాత్రనక పోతూనే ఉంటుంది. లారీ కదిలితే నేల కదులుతుంది, నేల కదిలితే కంప్యూటర్లో గీత వణుకుతుంది. గీత వణికినప్పుడల్లా ఆమె మొగుడి కులవృత్తిని తిట్టుకునేది.

ఆ యంత్రాన్ని నానోఇండెంటర్ అంటారు. అది చేసే పని చెబితే నవ్వొస్తుంది. ఒక వజ్రపు మొనను ఓ పల్చటి పొరలోకి గుచ్చి, మళ్లీ పైకి తీయడం. అంతే. కాకపోతే ఆ పొర వెంట్రుకలో వందో వంతు మందం, గుచ్చే లోతు ఆ పొరలో పదో వంతు. ఎంత బలం పెడితే ఎంత లోతుకు దిగిందో, బలం తీసేస్తుంటే ఎంత వెనక్కి వచ్చిందో యంత్రం గీత గీసి చూపిస్తుంది. వెనక్కి వచ్చే గీత మొదట్లో ఎంత నిటారుగా ఉంటే పొర అంత బిగువైనదని లెక్క. ఆ బిగువునే మాడ్యులస్ అంటారు. పెట్టిన బలాన్ని గుంట వైశాల్యంతో భాగిస్తే గట్టితనం వస్తుంది. రెండు లెక్కలకూ గుంట వైశాల్యం కావాలి. అంత చిన్న గుంటను కంటితో కొలవలేం కాబట్టి, లోతును బట్టి వైశాల్యం ఇంత ఉంటుందని సూత్రం వేసి ఊహిస్తారు. ఆ ఊహ దగ్గరే ప్రిస్కిల్లా కొంప మునిగింది.

ఆమె తల్లి సువార్తమ్మ సున్నపు బట్టీల దగ్గర తట్టలు మోసి కూతుర్ని ఎంటెక్ దాకా చదివించింది. కూతురు లెక్చరర్ అయిందని తెలిసిన రోజున చర్చిలో సాక్ష్యం చెబుతూ ఏడ్చింది. ఉద్యోగమైతే వచ్చింది గానీ, అది నిలబడాలంటే పీహెచ్‌డీ ఉండాలని కాలేజీ పట్టుబట్టింది. ఈ వేసవిలోగా పట్టా లేనివాళ్లు వేరే దారి చూసుకోవాలని యాజమాన్యం తేల్చేసింది. యూనివర్సిటీ ఆమెకు ఇవ్వగలిగిన గడువులన్నీ ఇచ్చేసి, ఇదే ఆఖరుదని రాతపూర్వకంగా చెప్పింది. మిగిలింది యూనివర్సిటీ కమిటీ ముందు ఒక్క సెమినార్. అది గట్టెక్కితే థీసిస్ లోపలికి పోతుంది, ఉద్యోగం నిలుస్తుంది.

థీసిస్ సారాంశం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. గాజుపలక మీద అల్యూమినియం పొర వేసేటప్పుడు చిటికెడు ఇంకో లోహం కలిపితే, ఆ పొర మామూలు పొర కంటే బాగా గట్టిపడుతుంది, బిగువు కూడా పెరుగుతుంది. దీని మీద గైడు నరసింహారావు గారి పేరూ ఆమె పేరూ కలిసి ఒక పేపర్ కూడా వచ్చింది. సారు దాన్ని ఫ్రేము కట్టించి గదిలో పెట్టుకున్నారు.

ఆఖరి అధ్యాయానికి పట్టిక రాస్తుంటే ఆమె చెయ్యి ఆగింది. అల్యూమినియం బిగువు డెబ్భై గిగాపాస్కల్స్ చిల్లర. కింద ఉన్న గాజు బిగువూ ఇంచుమించు అంతే. ఆమె పొర బిగువు మాత్రం ఎనభై నాలుగు.

పల్చటి పొరలు కొలిచేవాళ్లందరికీ కింద ఉన్న పలక మీదే అనుమానం. మొన మరీ లోతుకు దిగితే పొరది కాక పలకది తెలుస్తుందని భయం. అందుకే ఆమె పదో వంతు దాటి ఎప్పుడూ గుచ్చలేదు. కానీ ఇక్కడ పలకను అనడానికి కూడా లేదు. పొరలో లేనిది, గాజులో లేనిది, ఆ పైనున్న పద్నాలుగు ఎక్కణ్నుంచి వచ్చినట్టు? చిటికెడు లోహం గట్టితనాన్ని పెంచొచ్చు గానీ, బిగువును అంత పైకి లేపలేదు. ఈ సంగతి ఆరేళ్లలో ఆమెకు తట్టలేదా అంటే, తట్టింది. తట్టినప్పుడల్లా లారీల మీదకు తోసేసింది.

అదృష్టమో దురదృష్టమో, ఆ వారంలోనే లారీల వాళ్లు సమ్మె కట్టారు. ఆమె మొగుడు డేవిడ్ బండిని ఇంటి ముందు ఆపి, మంచమేసుకుని పడుకున్నాడు. హైవే మీద కుక్కలు తీరిగ్గా తిరుగుతున్నాయి. ప్రిస్కిల్లా ఒక్క పరుగున ల్యాబుకు పోయింది. దారంతా ప్రార్థన చేసుకుంటూనే ఉంది. కొలత చెడిపోయిందని తేలితే బాగుండునని ప్రార్థించిన పరిశోధకురాలు లోకంలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది. లారీలదే తప్పయితే ఈ సమ్మె రోజుల్లో అన్నీ మళ్లీ కొలుచుకోవచ్చు, పరువుగా బయటపడొచ్చు.

గీతలు నున్నగా, వణుకన్నది లేకుండా వచ్చాయి. బిగువు ఎనభై నాలుగు.

యంత్రం చెడిందేమోనని క్వార్ట్జ్ ముక్క మీద గుచ్చి చూసింది. పుస్తకంలో ఉన్న అంకె పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. ఆ ముక్క మీద ఎన్నిసార్లు గుచ్చినా సరైన అంకే వస్తుంది కాబట్టే ఇన్నేళ్లూ ఆమె నిశ్చింతగా ఉంది. అయితే ఆ ముక్కలో మొన చుట్టూ పదార్థం పైకి ఉబకదు. లోహం ఉబుకుతుంది. ఈ మాట ఆమెకు తెలియనిది కాదు. దీన్ని పైల్-అప్ అంటారనీ, దీనివల్ల కొలతలు పెరిగి కనిపిస్తాయనీ తన థీసిస్ రెండో అధ్యాయంలో రెండు పేరాలు రాసింది కూడా. అందరి గురించీ రాసింది గానీ, తన పొర గురించి అనుకోలేదు.

గుంటను నేరుగా చూడగల మైక్రోస్కోపు పిడుగురాళ్లలో లేదు. సమ్మె విరగ్గానే గుంటూరు బస్సెక్కి, అక్కణ్నుంచి ఇంకో బస్సు మారి, ఒక యూనివర్సిటీలో బతిమాలుకుని తన నమూనాలు పెట్టించింది. బొమ్మ తెర మీదికి వచ్చింది. మూడు మూలల గుంట, మూడు వైపులా లోహం గట్టులా లేచి ఉంది. తడి సున్నంలో వేలు గుచ్చితే చుట్టూ ఉబికినట్టే ఉంది. చిన్నప్పుడు బట్టీ దగ్గర అమ్మ కోసం కాచుక్కూర్చుని ఆమె ఆడుకున్న ఆటే అది. మొన తోసిన లోహానికి కిందికి పోదామంటే గాజు అడ్డం. పక్కలకు పాకి పరుచుకుందామంటే, ఒత్తేకొద్దీ గట్టిపడి ఒత్తిడిని దూరానికి పంచే గుణం ఆ కలిపిన పొరలో లేదు కాబట్టి వీల్లేదు. అందుకని మొన గోడల్ని పట్టుకుని పైకి లేచింది. ఆ గట్టు కూడా బరువు మోసింది. సూత్రం మాత్రం గట్టును లెక్కలోకి తీసుకోలేదు. మామూలు అల్యూమినియం పొరలో గట్టు దాదాపు లేనే లేదు.

బొమ్మలో కొలిచిన అసలు వైశాల్యంతో లెక్క కట్టింది. బిగువు డెబ్భై ఒకటికి దిగింది. గట్టితనం నాలుగో వంతుకు పైగా పడిపోయి, మామూలు పొర పక్కకు వచ్చి నిలబడింది. మిగిలిన తేడా కొలతల చెదురులోనే కలిసిపోయింది. వైశాల్యంతో పనే లేని ఇంకో లెక్క ఉంది. బలాన్ని, వెనక్కి వచ్చే గీత నిటారుదనపు వర్గంతో భాగించి, తెలిసిన బిగువును అందులో వాడుకోవడం. పొరకూ పలకకూ బిగువు ఒకటే అయినచోట అది నమ్మదగిన లెక్క. అదీ కట్టి చూసింది. అదీ ఆ మాటే చెప్పింది.

తిరుగు బస్సులో ఆమె ఏడవలేదు. ఏడిస్తే నిజమైపోతుందని భయపడింది.

నరసింహారావు గారు చెడ్డవారు కారు. బొమ్మ చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూశారు. కొత్తగా చేయడానికి గడువు లేదనీ, ఉన్నదున్నట్టు రాస్తే థీసిస్‌లో చెప్పడానికి ఏమీ మిగలదనీ ఇద్దరికీ తెలుసు. చివరికి ఆయన, కమిటీలో ఈ కొలతలు చేసినవాళ్లెవరూ లేరనీ, ఎవరూ అడగరనీ, పట్టా చేతికొచ్చాక సవరణ రాసి పంపుకుందామనీ నెమ్మదిగా నచ్చజెప్పారు. ఆమె తలూపింది. నిజంగానే ఒప్పుకుంది. ఆ రాత్రి బాగా నిద్ర కూడా పట్టింది. ఆ నిద్రను తర్వాత తలుచుకుని ఆమె తనను తాను చానా అసహ్యించుకుంది.

సెమినార్ చక్కగా నడిచింది. కమిటీ వాళ్లు టీ తాగుతూ విన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఒకాయన, ఇంత మంచి ఫలితాన్ని ఇక్కడితో ఆపకూడదు, ముందుకు తీసుకుపోవాలి అన్నారు. నరసింహారావు గారు తల వంచుకునే, తీసుకుపోవడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడని చెప్పారు. ఆ మనిషి ఐజాజ్. అదే కాలేజీలో లెక్చరర్, ఇద్దరు పిల్లల తండ్రి, అతనికీ పట్టా లేదు. ప్రిస్కిల్లా పొరకు ఇంకా ఏమేం కలిపితే ఇంకెంత బిగువొస్తుందో చూడటం అతని కొత్త టాపిక్. రిజిస్ట్రేషన్ కూడా ఆ పొద్దున్నే అయిపోయింది. అతను వెనక బెంచీలో కూర్చుని, తెర మీది ఎనభై నాలుగును శ్రద్ధగా ఫోనులో ఫొటో తీసుకుంటున్నాడు.

ఆ ఫోను చూసి ఆమె, సర్దుకోబోతున్న కాగితాలను మళ్లీ బల్ల మీద పెట్టింది. తన ఆరేళ్లు ఎట్లా పోయాయో, ఇతని ఆరేళ్లు అట్లాగే పోతాయి.

"సార్, ఆ అంకె తప్పు," అంది.

గుంట బొమ్మ ఆమె పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. తెర మీద పెట్టింది. గట్టును చూపించింది, వైశాల్యం ఎందుకు తక్కువొచ్చిందో చెప్పింది, సరిచేసిన అంకెలు చదివింది. చెప్పడం అయ్యాక, ఇంకొక్క ఆరు నెలలు ఇప్పించమని చేతులు జోడించి అడిగింది. సిగ్గు లేకుండా అడిగింది. కమిటీ పెద్దాయన బాధపడ్డారు కూడా. కానీ గడువు ఆయన చేతిలో లేదు. థీసిస్ సమర్పణకు తగినట్టు లేదని రాసి, సంతకాలు చేసి లేచారు. నరసింహారావు గారు ఆమె వైపు చూడకుండానే వెళ్లిపోయారు. ఐజాజ్ బయట వరండాలో తగిలాడు. థాంక్స్ చెప్తాడేమోనన్న ఆశ ఆమెలో ఏ మూలో ఉన్నట్టుంది. అతని ముఖంలో కోపం ఉంది. రిజిస్ట్రేషన్ మళ్లీ మొదటి నుంచి చేయాలి, ఆ మాట నిన్ననే చెప్పి ఉండొచ్చు కదా మేడం అన్నాడు. అదీ నిజమే.

ఇంటికి చేరేసరికి డేవిడ్ లోడు దించి వచ్చి, గడప మీద కూర్చుని కాళ్లకున్న సున్నం కడుక్కుంటున్నాడు. ఆమె నిలబడే జరిగిందంతా చెప్పింది. అతనికి మాడ్యులస్సూ వైశాల్యమూ సగమే అర్థమయ్యాయి. ఉద్యోగం పోయిందన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది. చెంబు పక్కన పెట్టి, తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అన్నట్టు అడిగాడు.

"ఏమే, నువ్వు ఆ మాట చెప్పకపోతే ఏమయ్యేది?"

"డాక్టర్ ప్రిస్కిల్లా అయ్యేదాన్నయ్యా," అంది. "ఆరేళ్లలో సరైన లెక్క ఒక్కటి చేశాను. అదే నన్ను బయటికి గెంటింది."

అతను జరిగి చోటిచ్చాడు. ఆమె గడప మీద కూర్చుని, ఆ తడి కాళ్ల పక్కన, బస్సులో ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. లోపలి నుంచి సువార్తమ్మ, ఈ రోజే కదా అమ్మా సెమినార్, ఏమన్నారంటూ చేతులు తుడుచుకుంటూ వస్తోంది.