సగం నారింజ

నిన్న అలమర సర్దుతుంటే ఒక కాగితం దొరికింది. పెద్ద పెద్ద ఇంగ్లీషు లాంటి అక్షరాలు, మధ్యమధ్య నిలువు గీతలు, పేరాల పక్కన అంకెలు. దీని గురించి ఇన్నాళ్లూ రాయలేదంటే, అప్పట్లో నాకు రాయడమే రాదు. యాభై దాటాక, తర్వాత మకాం మార్చిన మబేలాలో పక్క రూమ్ నర్సమ్మ పుణ్యమా అని అక్షరాలు వచ్చాయి.

మస్కట్ దగ్గరి బర్కాలో ఒక ఇటలీ పెద్దాయన ఇంట్లో పదహారేళ్లు వంట చేశాను. ఆయన పోతే ఇటలీ నుంచి చుట్టాలు దిగారు. తల్లి అంత్యక్రియలకు రాలేదని ఆయనతో మాట మానేసిన చెల్లెలు కూడా వచ్చింది. ముందు గదిలో కళ్లు తడవకుండా కూర్చుని, "మమ్మల్ని మరిచిపోయాడు" అన్నదే అంటోందట. వాళ్లకు ఇంగ్లీషు రాదు. మస్కట్‌లో పెరిగిన ఆయన మనవరాలికి ఇటాలియన్ రాదు. అందుకని చర్చిలో చదవడానికి పాప తాత గురించి ఇంగ్లీషులో రాస్తే, ఒక ఇటాలియన్ టీచరమ్మ దాన్ని తమ భాషలోకి మార్చింది.

అంత్యక్రియల ముందురోజు మధ్యాహ్నం నా వంటింటి బల్ల దగ్గరే ఇద్దరూ పైకి చదివి చూసుకున్నారు. పాప ఒక పేరా, టీచరమ్మ అదే పేరా. నోరు తిరగని చోట మాట మార్చడం, ఊపిరి తీసుకునే చోట గీత గీయడం. ఇటాలియన్ పొడుగవుతోంది, చర్చిలో పాదిరి ఇచ్చింది కొద్ది నిమిషాలే. అందుకని రెండు కాగితాల్లోనూ ఒకేచోట కత్తిరించారు. ఉల్లిపాయలు తరుగుతూ వింటున్నాను; ఆ ఇంట్లో వినీ వినీ ఇంగ్లీషు మాట అర్థమయ్యేది. "రోజూ నారింజ ఒలిచి సగం పక్కన పెట్టేవాడు, ఎవరికో ఆయనకే తెలీదు" అని పాప చదివింది.

కత్తి ఆగిపోయింది. నాకూ పాపకూ హిందీయే వాడుక. "ఎవరికో ఏంది పాపా! చెల్లెలికి. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకటే పండట. నాతో ఎన్నిసార్లు చెప్పాడో."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం ఆంటీ?"

"నువ్వడిగితివా?"

పాప టీచరమ్మ వైపు తిరిగి, "మీ కాగితంలో కలిపేయండి" అంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నువ్వు చెప్పనిది నేను చెప్పకూడదు. ముందు నువ్వు రాయి." పాప కొట్టేసి రాసింది. ఆవిడ మార్చింది. మళ్లీ చదువుకున్నారు.

చర్చిలో నవ్వు రెండుసార్లు వచ్చింది. చేపల మార్కెట్‌కు కూడా టై కట్టుకుని వెళ్లేవాడని పాప చదివితే, మస్కట్ వాళ్లు ముందు నవ్వారు. టీచరమ్మ చదివాక చుట్టాలు నవ్వారు. నారింజ మాట ఇంగ్లీషులో వచ్చినప్పుడు చెల్లెలు కదల్లేదు. ఇటాలియన్‌లో వచ్చేసరికి, ఎవరో ఏదో అందిస్తున్నట్టు అరచెయ్యి మెల్లగా చాపింది. అలాగే ఏడ్చింది.

మర్నాడు పొద్దున నారింజ ఒలిచి, సగం ఆమె ముందు పెట్టాను. ఒక్కో తొనా తింటూ ఉండిపోయింది. తర్వాత టీచరమ్మ ఇటాలియన్ కాగితం, అలమరలో దొరికిన ఇదే, తెచ్చి, నారింజ ఏ వరుసలో ఉందో చూపించమని పాపను అడిగాను. పేరా అంకె చూసి చూపించింది. దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపాను. ఆ వేలు అక్షరాల దాకా చేరడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. ఆ సగం పండు చెల్లెలిని చేరడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆలోచిస్తే, నాది పెద్ద ఆలస్యమేమీ కాదు.